చప్పుడు లేకుండా వెళ్ళేవారికి రాసే కార్డు

ప్రభుత్వ కార్యాలయాల్లో జూన్ నెలాఖరున పదవీ విరమణలు ఎక్కువగా కనిపిస్తాయి. దానికి కారణం వెనకటి బడి. పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చిన తండ్రికి పుట్టిన తేదీ గుర్తుండేది కాదు. ఫలానా తుపాను వచ్చిన ఏడు అనో, ఫలానా పండగ వెళ్ళిన వారానికి అనో చెప్పేవాడు. హెడ్మాస్టరు బడిలో చేరే వయసుకు సరిపోయేట్టు ఒక తేదీ వేసేవాడు. చాలామందికి అది జూలై ఒకటి అయింది. నెల మధ్యలో పుట్టినవారు ఆ నెల ఆఖరి రోజు దాకా పనిచేస్తారు కానీ, ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలని నిబంధన. అందుకే జూన్ 30 మధ్యాహ్నం తర్వాత ఊరూరా శాలువాలు, పూలదండలు, గ్రూపు ఫొటోలు.

ఆ రోజున దండా వద్దు, సభా వద్దు అనేవారు కూడా ఉంటారు. ఈ మాటలు వారి గురించి, వారికి రాసే కార్డు గురించి.

తెలుగునాట పదవీ విరమణకు ఒక ఆనవాయితీ ఉంది. వేదిక మీద దంపతులను కూర్చోబెడతారు. శాలువా కప్పుతారు. పండ్ల బుట్ట, వెండి జ్ఞాపిక. అచ్చు వేయించి, అద్దం కట్టించిన సన్మాన పత్రాన్ని గొంతున్న ఉద్యోగి ఒకరు చదువుతారు. ఆ పత్రంలో పెద్ద పెద్ద సమాసాలు ఉంటాయి, విశేషణాలు వరసగా వస్తాయి. దాన్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు. అది నలుగురి ముందు చదవడానికి పుట్టిన రచన. చదువుతుంటే వెనక వరసలో కూర్చున్న కూతురికి, అల్లుడికి గర్వంగా ఉంటుంది. అయితే సభ వద్దన్న మనిషికి అదే భాషను కార్డులో కుదించి ఇస్తే, ఆయన తప్పించుకున్న సభను మళ్ళీ చేతికిచ్చినట్టే అవుతుంది. కార్డును ఒక్క మనిషి, ఇంటికెళ్ళాక, కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంటాడు. దానికి కావలసిన భాష వేరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కోస్తాలో ఒక సబ్-రిజిస్ట్రార్ కార్యాలయం. అందులో ఒక సీనియర్ అసిస్టెంటు, 1986లో చేరారనుకుందాం. పుట్టిన తేదీ కాగితాల మీద 1963 జూలై 1. ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 2014లో యాభై ఎనిమిది నుంచి అరవైకి, 2022 జనవరి నుంచి అరవై రెండుకి పెరిగింది గనక, ఆయన దిగిపోవలసిన రోజు 2025 జూన్ 30. సోమవారం. పైగా ఆషాఢం. ఆ మాసంలో కొత్తగా స్థలాలు, ఇళ్ళు కొనేవారు తక్కువ కాబట్టి రిజిస్ట్రేషన్లు పలచబడతాయి, శుభకార్యాలూ ఉండవు. సభ పెడతామని అడిగితే ఆయన నవ్వి, "ఆషాఢంలో సభలెందుకండీ, ఎవరి పని వాళ్ళు చూసుకోండి" అన్నారు.

అక్కడితో ఆగాలి. ఎందుకు వద్దంటున్నారని తవ్వకూడదు. ఇలా వద్దనడానికి కారణాలు చాలా ఉంటాయి. ఇంట్లో జబ్బు మనిషి ఉండొచ్చు. ఆ ఏడాదే ఎవరో పోయి ఉండొచ్చు. శాఖాపరమైన విచారణ ఏదో తేలక, పెన్షన్ తాత్కాలికంగానే వచ్చే పరిస్థితి ఉండొచ్చు. తన కోసం అటెండరు దగ్గర కూడా చందా వసూలు చేస్తారన్న మొహమాటం ఉండొచ్చు. వీటిలో ఏ కారణమూ లేక, స్వభావమే అది కావచ్చు. కార్డు రాసేవారికి ఏ కారణమన్నది అక్కర్లేదు. కానీ వాటిలో ఏదైనా ఉండవచ్చన్న ఎరుక మాత్రం రాసేటప్పుడు ఉండాలి. అది ఉంటే కొన్ని మాటలు వాటంతట అవే రాలిపోతాయి. "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్న మాట, మంచం పట్టిన భార్యకు సేవ చేయడానికి ఇంటికి వెళ్ళేవాడికి గుచ్చుకుంటుంది. "పిల్లలతో, మనవలతో ఆనందంగా గడపండి" అన్నదీ అంతే. పిల్లలు లేనివారున్నారు, ఉన్నా రానివారున్నారు. "శేష జీవితం సుఖశాంతులతో సాగాలి" అని మనవాళ్ళు తరచు రాస్తారు. రాసేవారి మనసు మంచిదే కానీ, మిగిలింది ఇంతే అని గుర్తు చేసినట్టు ఉంటుంది. "ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోతున్నారు" అన్న నిష్ఠూరం ఎదురుగా నవ్వుతూ అంటే చెల్లుతుంది, కాగితం మీద మాత్రం తప్పు పట్టినట్టే మిగిలిపోతుంది.

ఇన్ని తీసేస్తే రాయడానికి ఏం మిగులుతుంది? ఆయన చేసిన పని మిగులుతుంది. నిశ్శబ్దంగా వెళ్ళేవారి కార్డులో ఉండవలసింది అదే. రాసేవాడు కళ్ళారా చూసిన పని ఒకటి, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరంతో. సభ జరిగితే పదిమంది పది సంగతులు చెబుతారు. సభ లేకపోతే ఆ సంగతులు ఎక్కడా నమోదు కావు. సర్వీసు రిజిస్టరులో చేరిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు ఉంటాయి. ఫలానా రోజున ఫలానా మనిషికి ఈయన వల్ల మేలు జరిగిందన్న వాక్యానికి అందులో గడి లేదు.

మన ఉదాహరణలో కార్డు రాసే బాధ్యత తీసుకున్నది ఒక జూనియర్ అసిస్టెంటు. ఏడేళ్ళుగా ఆయన పక్క బల్ల మీద పనిచేస్తున్న అమ్మాయి. ఆయన్ని "గురువుగారూ" అని పిలుస్తుంది. ఆమె మొదట చిత్తుకాగితం మీద ఇలా రాసింది: "నిరంతర శ్రమజీవి, స్నేహశీలి, క్రమశిక్షణకు మారుపేరు, నిజాయితీకి నిలువుటద్దం అయిన మీరు పదవీ విరమణ చేయడం మా అందరికీ తీరని లోటు. భగవంతుడు మీకు ఆయురారోగ్య ఐశ్వర్యాలు ప్రసాదించాలని కోరుకుంటున్నాం."

ఇందులో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, పేరు మార్చి ఇదే కాగితాన్ని పక్క ఆఫీసులో డ్రైవరుకీ ఇవ్వొచ్చు, ఇంజనీరుకీ ఇవ్వొచ్చు. అది కనిపెట్టడానికి తేలికైన పరీక్ష ఒకటుంది: కార్డులో పేరు, హోదా చెరిపేసి చదివితే మనిషి ఎవరో తెలియాలి. తెలియకపోతే అది ఇంకా ఆయనకు రాసినది కాలేదు.

ఇంకో చిన్న సంగతి, కొంచెం సున్నితమైనది. "నిజాయితీకి నిలువుటద్దం" అన్న మాట ఒక్కొక్క కార్యాలయంలో ఒక్కొక్క రకంగా వినిపిస్తుంది. జనానికి డబ్బుతో పని ఉండే చోట ఒకరిని మాత్రం నిజాయితీపరుడని రాస్తే, కింద సంతకం పెట్టవలసిన మిగతావాళ్ళు ఇబ్బందిగా కదులుతారు. పొగడ్త అందుకున్నవాడికీ అది ఇబ్బందే. గుణం పేరు చెప్పకుండా, ఆ గుణం కనిపించిన పని చెబితే ఈ చిక్కు రాదు.

ఆమె చిత్తుకాగితం పక్కన పెట్టి, తనకు గుర్తున్నదేమిటని ఆలోచించింది. గుర్తొచ్చింది ఒక పాత దస్తావేజు వ్యవహారం. దాని బరువు తెలియాలంటే ఆ కార్యాలయంలో పాత రికార్డు ఎలా ఉంటుందో కొంత తెలియాలి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి, వీలునామాలు మూడో పుస్తకంలోకి. ఒకటో పుస్తకానికి రెండు సూచికలు ఉంటాయి. ఇండెక్సు ఒకటిలో రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లు. ఇండెక్సు రెండులో ఆస్తి వివరాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో 'కార్డ్' అనే ప్రాజెక్టుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. 1983 నుంచి ఉన్న లావాదేవీల వివరాలు ఇప్పుడు ఈసీ కోసం కంప్యూటరులోనే వెతకవచ్చు. అంతకు ముందువి కావాలంటే మాత్రం మనిషి లేచి వెళ్ళి, బైండు పుస్తకాలు దించి, చేతిరాత చదువుతూ వెతకాలి. ఆ వెతుకులాట తెలిసినవారు ఏటా ఒక్కొక్కరే దిగిపోతున్నారు.

ఒక పెద్దావిడ తన తండ్రి రాసిచ్చిన దస్తావేజుకు నకలు కోసం వచ్చింది. ఆమె దగ్గర నంబరు లేదు. సంవత్సరం 1971 అంటుంది, ఒక్కోసారి డెబ్భై మూడు అంటుంది. ఆమె చెప్పిన ఇంటిపేరుతో ఇండెక్సులో చూస్తే ఏమీ దొరకలేదు. రికార్డులో లేదని చెప్పి పంపేయడానికి అది చాలు. ఈయన మాత్రం బల్ల ముందుకు వంగి ఒక్క ప్రశ్న అడిగారు: "అమ్మా, ఆ కాగితం రాసేనాటికి మీకు పెళ్ళయిందా?" కాలేదు. అయితే దస్తావేజులో ఉండేది పుట్టింటి ఇంటిపేరు. అత్తింటి అక్షరం కింద ఎంత వెతికినా దొరకదు. పుట్టింటి అక్షరం కింద మూడు సంవత్సరాల సూచికలు తిప్పితే 1972లో దొరికింది. ఆ తర్వాత ఆ జూనియర్ అసిస్టెంటు పాత నకలు కోసం వచ్చిన ప్రతి స్త్రీనీ మొదట అడిగే ప్రశ్న అదే.

ఇదిగో, కార్డు ఇక్కడుంది. దీన్ని రాయడానికి భాషలో పాండిత్యం అక్కర్లేదు. ఆమె రెండోసారి రాసింది ఇది:

"గురువుగారూ, నేను చేరిన మొదటి ఏడాది ఒక పెద్దావిడ నకలు కోసం వచ్చారు. ఆవిడ చెప్పిన పేరుతో ఇండెక్సులో లేదని నేను పంపేయబోయాను. మీరు ఆవిడని కూర్చోబెట్టి, కాగితం రాసేనాటికి పెళ్ళయిందా అని అడిగారు. పుట్టింటి పేరు మీద డెబ్భై రెండులో దొరికింది. అప్పటి నుంచి నేనూ అదే అడుగుతున్నాను, చాలాసార్లు దొరుకుతోంది. రేపు నా తర్వాత వచ్చేవాళ్ళకు కూడా ఈ ప్రశ్న చెబుతాను, మీరు నేర్పారని చెప్పి మరీ."

ఇందులో ఆయన గురించి ఒక్క విశేషణం లేదు. పొగడ్త అన్న మాట ఎక్కడా కనబడదు, అయినా చదివినవారికి మనిషి కనిపిస్తాడు. లోటు తీరనిదని చెప్పడానికి బదులు, ఆయన నేర్పిన పని సాగుతుందని చెప్పింది. వెళ్ళిపోయేవాడికి నిజంగా కావలసిన కబురు అదే. తాను లేకపోతే ఆఫీసు కుంటుపడుతుందంటే ఆయన నమ్మడు, నమ్మితే దిగులు పడతాడు.

ఇలా రాయడానికి చాలామందికి జంకు. మాటలు కుదరవేమో, అతిగా ఉంటుందేమో, ఇంత చిన్న సంగతి ఏం రాస్తామని. దీని మీద అమెరికాలో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో 'సైకలాజికల్ సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. కొంతమంది చేత, తమకు మేలు చేసినవారికి కృతజ్ఞతగా ఉత్తరాలు రాయించారు. అందుకున్నవారికి ఎలా ఉంటుందని రాసినవారిని ముందే అంచనా వేయమన్నారు. తర్వాత అందుకున్నవారినీ అడిగారు. రాసినవారు అనుకున్నదాని కంటే అందుకున్నవారు ఎక్కువ ఆశ్చర్యపోయారు, ఎక్కువ సంతోషించారు, ఇబ్బంది మాత్రం తక్కువ పడ్డారు. రాసేవారు తమ మాటలు ఎంత చక్కగా కుదిరాయన్నదాని గురించి బెంగపడ్డారు. చదివేవారు అందులోని ఆప్యాయతను ఎక్కువ పట్టించుకున్నారు. మాటల కూర్పు గురించిన భయం వల్లే మంచి కార్డులు ఎన్నో రాయకుండా ఆగిపోతున్నాయని దీన్నిబట్టి అనుకోవచ్చు.

మరి ఆఫీసులో అందరికీ అలాంటి జ్ఞాపకం ఉంటుందా? ఉండదు. ఉండనక్కర్లేదు. సబ్-రిజిస్ట్రారుగారు బదిలీ మీద వచ్చి ఆరు నెలలే అయింది. ఆయన "మీ సుదీర్ఘ సేవలు చిరస్మరణీయం" అని రాస్తే, ఆ సేవలు ఆయన చూసినవి కావని ఇద్దరికీ తెలుసు. దాని బదులు, "మీతో పనిచేసింది ఆరు నెలలే. మొదటి వారంలో ఈ ఆఫీసు పరిధిలోని ఊళ్ళ పేర్లన్నీ మీ దగ్గరే తెలుసుకున్నాను" అంటే సరిపోతుంది. అటెండరు రాయడానికి వెనకాడతాడు, చేతిరాత బాగోదంటాడు. అతని చేత తప్పకుండా రాయించాలి, వేరొకరు రాసి పెట్టకూడదు. "సార్, రికార్డు రూము తాళాలు మీరు అడగకుండా ఏనాడూ తీసుకోలేదు" అన్న అతని ఒక్క వాక్యం అధికారి రాసిన పేరా కంటే ఆయనకు ఎక్కువ కావచ్చు. ఎప్పుడో మాటా మాటా అనుకుని, రెండేళ్ళుగా పొడిగా ఉంటున్న సహోద్యోగి ఒకరు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆయన కార్డులో క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. అందరూ చదివే చోట అది పెడితే అవతలి మనిషి అందరి ముందు జవాబివ్వవలసి వస్తుంది. నిజమైన వాక్యం ఒకటి, "లెక్క తప్పితే మీరే ముందు పట్టుకునేవారు" వంటిది రాసి సంతకం పెడితే చాలు. మిగతాది విడిగా వెళ్ళి మాట్లాడుకోవలసిన వ్యవహారం.

ఇక కార్డు తిరిగే పద్ధతి. ఇక్కడే ఎక్కువ కార్డులు పాడవుతాయి. మొదట రాసినవాడు "హ్యాపీ రిటైర్డ్ లైఫ్" అని రాశాడంటే తర్వాతి పదిమందీ అదే రాస్తారు. కనుక మొదటి పేజీ ఎవరి చేతికి వెళుతుందన్నది ముఖ్యం. జ్ఞాపకం ఉన్న మనిషి ముందు రాస్తే, వెనక వచ్చేవారు అది చదివి తమ జ్ఞాపకం వెతుక్కుంటారు. ఒక్క రోజు ముందు హడావిడిగా తిప్పితే సంతకాలు తప్ప ఏమీ రావు. వారం ముందు మొదలుపెట్టి, ఒక్కొక్కరి దగ్గర ఒక పూట ఉంచితే మాటలు వస్తాయి. చిత్తు వేరే కాగితం మీద రాసుకోమనాలి, కొట్టివేతలు ఉండవు. నునుపు కాగితపు కార్డు మీద జెల్ పెన్ను ఆరక ముందే మూస్తే అక్షరాలు ఎదురు పేజీకి అంటుకుంటాయి. బాల్ పెన్ను నయం. పెద్ద వయసు కళ్ళు చదవవలసినది కనుక అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉండాలి. పదిమంది మాటలకు ఒక్క కార్డు ఇరుకైతే లోపల ఒక తెల్ల కాగితం మడిచి పెట్టవచ్చు.

వాట్సాప్ గ్రూపులో ఆ కార్డు ఫొటో పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో రాజీ పడకూడదు. పెట్టిన నిమిషం నుంచి చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తులు, ఇతర జిల్లాల నుంచి శుభాకాంక్షలు, ఫోన్లు. ఆయన వద్దన్న సభ ఫోనులో మొదలవుతుంది. ఇవ్వడమూ అంతే. ఛార్జి అప్పగింత కాగితాల మీద సంతకాలు అవుతున్న మధ్యాహ్నం ఇస్తే నలుగురూ చుట్టూ చేరి "తెరవండి సార్, చదవండి" అంటారు. ముందు రోజు సాయంత్రమో, ఆఖరి రోజు పొద్దున్నే జనం రాకముందో, అంటించిన కవరులో పెట్టి, "ఇంటికెళ్ళాక చూడండి" అని ఆ జూనియర్ అసిస్టెంటు ఒక్కతే ఇవ్వడం మేలు. పక్కన ఎవరూ లేకపోతే తెరవాలా వద్దా అన్నది ఆయన ఇష్టం.

విరమణ వయసు పెరిగినందువల్ల ఆంధ్రప్రదేశ్‌లో 2022, 2023 సంవత్సరాల్లో వయసు పూర్తయి దిగిపోయే ఉద్యోగులు దాదాపు లేరు. తెలంగాణలో 2021 మార్చిలో వయసు యాభై ఎనిమిది నుంచి అరవై ఒకటికి పెంచడంతో మూడేళ్ళు అదే పరిస్థితి. ఆ మధ్య కాలంలో ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చాలామంది ఒక్క విరమణ సభ కూడా చూడకుండా గడిపారు. 2024 నుంచి మళ్ళీ నెలనెలా దిగిపోతున్నారు. కార్డు కొని తెమ్మని, రాయమని ఎక్కువగా పురమాయించేది ఈ కొత్త పిల్లల్నే. వాళ్ళ చేతికి అంగడిలో అచ్చయిన ఇంగ్లీషు వాక్యాల కార్డు ఇచ్చి ఊరుకోకుండా, ఖాళీ కార్డు ఇచ్చి, "ఆయన దగ్గర నువ్వు నేర్చుకున్న పని ఏదో ఒకటి రాయి" అని సీనియర్లు చెబితే రాస్తారు.

ఒక్కోసారి ఇవన్నీ అనుకుంటూ ఉండగానే ఆ రోజు దాటిపోతుంది. ఆయన మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని బస్సెక్కి వెళ్ళిపోయారు, కార్డు ఇంకా ముగ్గురి దగ్గర తిరగాలి. అప్పుడు మానేయకూడదు. పెన్షన్ కాగితాల మీద సంతకానికి ఎలాగూ వస్తారు కదా, అప్పుడిద్దాం అని సొరుగులో పెట్టకూడదు కూడా. వచ్చిన రోజు ఇచ్చే మనిషి సెలవులో ఉండవచ్చు, కవరు కనపడకపోవచ్చు. మిగిలిన ముగ్గురి చేత అదే వారంలో రాయించి, ఇంటి చిరునామా కనుక్కుని, తపాలాలో పంపేయాలి. జూలై రెండో వారంలో అందినా ఆ పెద్దావిడ సంగతి, 1972 సంగతి పాతబడవు.